మేడ మీద అద్దెకున్న అబ్బాయిలకు హెచ్చరిక లేఖ ఇచ్చాను

తెల్లవారుజామున ఐదున్నరకు కళ్లాపి చల్లుదామని గేటు తీస్తే, ముగ్గు వేసే చోట మళ్లీ ఆ నల్ల బండి ఉంది. మా మేడ మీద పోర్షన్‌లో అద్దెకున్నది ఇద్దరబ్బాయిలు. వాళ్ల బండ్లు రెండూ మెట్ల కింద ఉన్నాయి. ఈ మూడోది వాళ్ల స్నేహితుడిది. ఆ కుర్రాడు రాత్రి వచ్చాడు, ఇంకా పైనే నిద్రపోతున్నాడు. 2023 ఏప్రిల్‌లో ఆరు రోజులుగా ఇదే వరస.

మాది ఒంగోలు, లాయరుపేట దగ్గర. కింద నేనుంటాను, పైన ఒక పోర్షన్ అద్దెకిస్తాను. స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు పోయాక పెన్షన్‌కు తోడు ఆ అద్దే నాకు ఆధారం. అబ్బాయిలు చెడ్డవాళ్లు కాదు. ఒకతను ఫైనాన్స్ కంపెనీలో, ఇంకొకతను మందుల షాపులో చేస్తారు. అద్దె తొమ్మిది వేలు, ప్రతి నెలా ఐదో తేదీకి ఇచ్చేవాళ్లు. ఇబ్బందంతా రాత్రి బస చేసే మనుషులతోనే.

బయటి ఊళ్లవాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపించొచ్చు. ఒంగోల్లో ఎండాకాలం నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు అలా అనిపించదు. సాగర్ కాలువ నీళ్లను సమ్మర్ స్టోరేజి చెరువుల్లో నింపి ఊరికి ఇస్తారు. మా వీధికి అప్పట్లో మూడు రోజులకోసారి కుళాయి వచ్చేది. మా సంపు ఐదు వేల లీటర్లది. కింద నేను, పైన ఇద్దరు అని లెక్క వేసుకుని సరిపెట్టుకునేదాన్ని. పైన మూడోవాడు, ఒక్కోసారి నాలుగోవాడు చేరితే రెండో రోజు సాయంత్రానికే మోటారు గాలి పీల్చేది. ఆ మార్చిలోనే రెండుసార్లు ట్యాంకర్ తెప్పించాను.

నోటితో మూడుసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా "సరే ఆంటీ, ఇక రానివ్వం" అనేవాళ్లు. ఒక వారం ఆగి మళ్లీ మొదలు. మార్చి 15న ఫోన్‌లో మెసేజ్ కూడా పెట్టాను. ఏప్రిల్‌లో ఆ ఆరో రోజు పొద్దున ముగ్గు మానేసి లోపలికొచ్చి, కాగితం తీసుకుని కోపం మీద ఒక ఉత్తరం రాసేశాను. వారంలో ఇల్లు ఖాళీ చేయాలి, లేకపోతే మేడ మీదికి నీళ్లు ఆపేస్తాను, ట్యాంకర్ డబ్బులు మీరే కట్టాలి, ఎవరెవరో వచ్చిపోతున్నారని వీధిలో అందరూ అనుకుంటున్నారు. ఇవన్నీ రాశాను. దాన్ని మేడ మీద తలుపుకు అంటిద్దామనుకున్నాను కూడా.

అంటించే ముందు, ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదువుకుని ఇప్పుడు మా ఊరి కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న అమ్మాయికి చూపించాను. ఆ అమ్మాయి ఉత్తరం చదవకుండా ముందు అద్దె కాగితం అడిగింది. "టీచర్, మీరు రాసే ప్రతి వాక్యం దీని మీద నిలబడాలి. దీంట్లో లేనిది అడిగితే ఉన్నదానికి కూడా బలం పోతుంది" అంది.

మాది వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటు. మా వైపు చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు. దాంట్లో మూడు షరతులు ఇప్పుడు పనికొచ్చాయి. తొమ్మిదో షరతు ప్రకారం పేర్లు రాసిన ఇద్దరు తప్ప వేరేవాళ్లను నా అనుమతి లేకుండా రాత్రి బస ఉంచుకోకూడదు, అనుమతి ఉన్నా నెలకు మూడు రాత్రులకు మించకూడదు. పదకొండోది బండ్లు రెండే పెట్టుకోవాలని, గేటు దారికి అడ్డం ఉండకూడదని. పదిహేనోది, షరతులు తప్పితే ఒప్పందం రద్దు చేసి పోర్షన్ తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు నాకుందని. నీళ్ల ఖర్చు గురించి ఒక్క ముక్క కూడా లేదు. అందుకని ట్యాంకర్ డబ్బుల మాట ఆ అమ్మాయి మొదటే కొట్టేసింది.

తర్వాత కొట్టేసింది నీళ్లు ఆపేస్తాననడం. అద్దెకున్నవాళ్లు ఎంత తప్పు చేసినా నీళ్లు, కరెంటు ఆపడం, తాళం మార్చడం మన చేతుల్లోని పనులు కావు. చట్టప్రకారం కాకుండా బయటికి పంపితే, ఇల్లు నాదే అయినా సరే, వాళ్లు ఆరు నెలల లోపల కోర్టుకెళ్లి తిరిగి లోపలికి రావచ్చు. అప్పుడు తప్పు నాదవుతుంది. నా దగ్గర మారు తాళం ఉంది. వాళ్లు లేనప్పుడు పైకెళ్లి ఎన్ని పరుపులున్నాయో చూడాలని కూడా అనిపించిందని చెప్పాను. వద్దని గట్టిగా చెప్పింది.

వారంలో ఖాళీ చేయమన్న మాట దగ్గర చాలాసేపు ఆగాం. నాకు సరిగా అర్థమయ్యేదాకా ఓపికగా చెప్పింది. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. దాంట్లో 114ఏ అని ఒక సెక్షను ఉంది. షరతు తప్పారన్న కారణంతో లీజు రద్దయిందని, అద్దెకున్నవాళ్లను పంపించమని దావా వేయాలంటే, దానికి ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఏ షరతు ఎలా తప్పారో అందులో విడిగా చెప్పాలి. అది సరిదిద్దుకోగలిగిన తప్పయితే సరిదిద్దుకోమని అడగాలి. తగినంత సమయం ఇచ్చినా వాళ్లు సరిదిద్దుకోకపోతేనే ముందుకు పోగలం. తగినంత సమయమంటే ఎన్ని రోజులో చట్టంలో లేదు, తప్పును బట్టి ఉంటుంది. రాత్రి బసకు వచ్చే మనిషిని వేరే చోటు చూసుకోమనడానికి వారం తక్కువ, నెల ఎక్కువ. రెండు వారాలు పైన ఇద్దామనుకున్నాం.

"ఒకే కాగితంలో సరిదిద్దుకోండి అని, ఖాళీ చేయండి అని రెండూ రాయొద్దు టీచర్. చదివినవాడు ఏది చేయాలి?" అంది. నిజమే. పిల్లలకు ప్రశ్నపత్రం రాసేటప్పుడు నేనే ఆ జాగ్రత్త పడేదాన్ని.

పైన ఉన్న కుర్రాడు అద్దెలో వాటా ఇస్తున్నాడేమోనని నాకు అనుమానం. ఉప అద్దెకు ఇచ్చారని రాద్దామన్నాను. రుజువు ఉందా అని అడిగింది. లేదు. చుట్టపుచూపుగా వచ్చి పడుకోవడం వేరు, డబ్బు తీసుకుని గదిలో హక్కుగా ఉండనివ్వడం వేరు. ఉప అద్దెకు ఇవ్వకూడదన్న షరతుకు ఆ 114ఏ వర్తించదు కూడా, దాని దారే వేరు. రుజువు లేని పెద్ద మాట పెడితే వాళ్లు దాన్నే పట్టుకుని కాదంటారు, ఉన్న చిన్న తప్పు వెనక్కి పోతుంది. అది కూడా తీసేశాం.

ఇక తేదీలు. మా వంటింట్లో గోడ క్యాలెండరు మీద పాల లెక్క రాసుకుంటాను. ఫిబ్రవరి నుంచి అదే గళ్లలో 'మూడో బండి' అని కూడా రాయడం మొదలుపెట్టాను. మొత్తం ఏడు సందర్భాలు కనిపించాయి. ఒక్కొక్కటి తీసి అడిగింది. ఫిబ్రవరి 11న వచ్చింది ఎవరు? పెద్దబ్బాయి వాళ్ల అమ్మ. కంటి ఆపరేషన్‌కని వచ్చి రెండు రాత్రులుంది. నాకు ముందు చెప్పాడు, నేనే సరేనన్నాను. మర్చిపోయి తప్పుల్లో రాసుకున్నాను. ఆ క్షణం చాలా బాధనిపించింది. ఆమెకు చారు కూడా నేనే పంపాను. మార్చి 5న నేను కందుకూరులో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను, ఎదురింటావిడ చెబితే రాసుకున్నాను. మార్చి 20న రాత్రి పదింటికి బండి చూశాను కానీ పొద్దున లేదు. పదింటిదాకా ఉండి వెళ్లినవాడు రాత్రి బస చేసినట్టు కాదు. ఈ మూడూ తీసేస్తే నాలుగే మిగిలాయి. రాత్రి, పొద్దున రెండుపూటలా నేను కళ్లారా చూసినవి ఆ నాలుగే.

వాటికంటే బలమైనది నా ఫోన్‌లోనే ఉంది. మార్చి 15 నాటి నా మెసేజ్‌కు "సారీ ఆంటీ, ఇక ఎవరినీ ఉంచుకోం" అని వాళ్ల జవాబు. ఆ రోజు దాన్ని క్షమాపణగానే చూశాను. అది వాళ్లు ఒప్పుకున్నట్టు రాతలో ఉన్న సాక్ష్యమని అప్పుడు తెలిసింది. తేదీ, నంబరు కనిపించేలా ప్రింటు తీయించాను. నోటితో చెప్పిన మూడుసార్లకూ నా దగ్గర ఏమీ లేదు.

చివరికి తేలిన ఉత్తరం ఇది. పేర్లు, ఇంటి నంబరు తప్ప మిగతాదంతా ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

"తేదీ 18-4-2023. విషయం: అద్దె ఒప్పందంలోని 9, 11 షరతుల ఉల్లంఘన, సరిదిద్దుకోవలసిందిగా హెచ్చరిక.

1-10-2022 నాటి అద్దె ఒప్పందం ప్రకారం మీరిద్దరూ నా ఇంటి మొదటి అంతస్తు పోర్షన్‌లో ఉంటున్నారు. 9వ షరతు ప్రకారం నా ముందస్తు అనుమతి లేకుండా ఇతరులను రాత్రి బస ఉంచుకోకూడదు. అయినా ఫిబ్రవరి 25, 26 తేదీల్లో, మార్చి 10 నుంచి 14 వరకు, మార్చి 27 నుంచి 31 వరకు, ఏప్రిల్ 12 నుంచి 17 వరకు మీ పోర్షన్‌లో మూడో వ్యక్తి రాత్రులు ఉన్నారు. ఇందుకు నా అనుమతి లేదు. ఇదే రోజుల్లో మూడో బండిని గేటు దారిలో నిలిపారు. ఇది 11వ షరతుకు విరుద్ధం. మార్చి 15న నేను మెసేజ్ పంపినప్పుడు ఇకపై ఎవరినీ ఉంచుకోబోమని మీరు జవాబిచ్చారు. ఆ తర్వాత కూడా రెండుసార్లు ఇలాగే జరిగింది.

మే 7వ తేదీ లోపల మీరు చేయవలసినవి ఇవి. ఇప్పుడు ఉంటున్న వ్యక్తి వేరే చోటికి వెళ్లాలి. మూడో బండి గేటు దారిలో ఉండకూడదు. ఇకపై ఎవరైనా రాత్రి ఉండవలసి వస్తే ముందుగా నాకు మెసేజ్ పంపి, నా జవాబు వచ్చాకే ఉంచుకోవాలి. పగటి పూట వచ్చిపోయేవాళ్ల విషయంలో నాకు ఎలాంటి అభ్యంతరం లేదు.

ఈ గడువు లోపల సరిదిద్దుకుంటే ఈ విషయం ఇంతటితో ముగిసినట్టే. సరిదిద్దుకోకపోయినా, తర్వాత మళ్లీ ఇలాగే జరిగినా, 15వ షరతు ప్రకారం ఒప్పందం రద్దుకు చట్టప్రకారం చర్య తీసుకుంటాను. ఇంతకు ముందు నేను ఊరుకోవడం అనుమతి ఇచ్చినట్టు కాదు. నేను రాసిన తేదీల్లో తప్పుంటే మే 7 లోపల రాతపూర్వకంగా తెలపండి."

ఊరుకోవడం అనుమతి కాదన్న వాక్యం ఎందుకని అడిగాను. "మీకు తెలిసి కూడా ఫిబ్రవరి, మార్చి అద్దెలు మామూలుగా తీసుకున్నారు కదా టీచర్, మీకు సమ్మతమే అనుకున్నాం అని వాళ్లు అనొచ్చు" అంది. తప్పు తెలిశాక, దాని ఆధారంగా లీజు రద్దయిందన్న తర్వాత వచ్చే అద్దెను మామూలుగా తీసుకుంటే ఆ రద్దును వదులుకున్నట్టే అవుతుందని ఆ చట్టంలోనే 112వ సెక్షను చెబుతుంది. మాది ఇంకా హెచ్చరిక దశే, రద్దు దాకా పోలేదు. అయినా మే 5న అద్దె వస్తుంది, గడువు 7న. అందుకని ఆ నెల రశీదు మీద "18-4-2023 నాటి లేఖలోని నా హక్కులకు భంగం లేకుండా" అని రాసి సంతకం చేయమంది. అలాగే చేశాను.

అగ్రిమెంటు మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కాబట్టి ఉత్తరం ఇద్దరి పేరునా ఉండాలి. మూడు కాపీలు తీయించాను, వాళ్లకు చెరొకటి, నాకొకటి. తలుపుకు అంటించడమన్నది చేతికీ పోస్టుకూ వీలుకానప్పుడు చివరగా చేసే పని. ముందే అంటిస్తే వీధిలో పరువు తీసినట్టుంటుంది. ఆ సాయంత్రం ఇద్దరూ వచ్చాక పైకెళ్లి ఇచ్చాను. పెద్దబ్బాయి చదివి నా కాపీ మీద 'అందింది' అని రాసి, తేదీ వేసి సంతకం చేశాడు. అందిందని సంతకం చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదని నేనే చెప్పాను. చిన్నబ్బాయి సంతకం పెట్టనన్నాడు. మొహం ఎర్రబడింది. "కింద నుంచి పిలిచి చెబితే సరిపోయేది కదా ఆంటీ, నోటీసు ఏంటి?" అన్నాడు.

"మూడుసార్లు పిలిచి చెప్పాను నాయనా" అన్నాను. అంతకంటే మాట్లాడలేదు. మర్నాడు హెడ్ పోస్టాఫీసుకెళ్లి అతని కాపీ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో రిజిస్టర్ పోస్టు చేశాను. ఒకే ఇంట్లో కింది నుంచి పైకి పోస్టులో పంపడం నాకు ఇబ్బందిగానే ఉంది. కానీ అందలేదన్న మాట రాకుండా ఉండాలంటే అప్పట్లో అదే మార్గం. గడువును 'అందిన పదిహేను రోజుల్లో' అనకుండా మే 7 అని తేదీ వేయడానికి కారణం కూడా ఇదే. ఒకరికి చేతికిచ్చి ఒకరికి పోస్టులో పంపితే రెండు గడువులు వస్తాయి. పోస్టు నాలుగు రోజులు ఆలస్యమైనా ఇద్దరికీ పదిహేను రోజులు దక్కేలా మే 7 పెట్టాం.

రెండు రోజులు ఇద్దరూ నాతో మాట్లాడలేదు. మెట్లు దిగేటప్పుడు తల వంచుకుని వెళ్లేవాళ్లు. నాకూ నిద్ర సరిగా పట్టలేదు, ఖాళీ చేసి వెళ్లిపోతారేమోనని టెన్షన్. మూడో రోజు రాత్రి పెద్దబ్బాయి వచ్చి కూర్చున్నాడు. ఆ స్నేహితుడిది వాళ్ల ఊరే, దర్శి దగ్గర పల్లె. పోటీ పరీక్షల కోచింగ్‌కు వచ్చాడు, హాస్టల్‌కు డబ్బుల్లేక వాళ్ల దగ్గర పడుకుంటున్నాడు.

"అద్దెలో వాటా ఇస్తున్నాడా?" అని సూటిగా అడిగాను.

"లేదాంటీ. బియ్యానికీ కూరలకూ నెలకు పదిహేను వందలిస్తాడు" అని ఫోన్‌లో చూపించాడు.

అది తిండి ఖర్చు. ఉప అద్దె అని రాయకపోవడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. రాసి ఉంటే ఆ అబ్బాయి నా ముందు అలా కూర్చుని మాట్లాడేవాడు కాదు. "నాకు ముందే చెప్పి ఉంటే ఏదో ఒకటి చూసేవాళ్లం కదా" అన్నాను. "మీరు వద్దంటారని భయపడ్డాం" అన్నాడు. ఆ కుర్రాడి మీద జాలి కలిగినా గడువు మార్చలేదు. మార్చితే ఉత్తరానికి అర్థం ఉండదు. కోచింగ్ సెంటర్ల దగ్గర తక్కువలో దొరికే షేరింగ్ గదులు ఎక్కడున్నాయో నాకు తెలిసిన రెండు చోట్లు చెప్పాను.

గడువు ఇచ్చాక నేను కూడా ఒక నియమం పెట్టుకున్నాను. ఆ గడువు రోజుల్లో కనిపించిన మూడో బండిని కొత్త తప్పుగా రాసుకోలేదు. సరిదిద్దుకోవడానికి మే 7 దాకా సమయమిచ్చి, ఏప్రిల్ 25న ఉన్నాడని మళ్లీ పోట్లాడితే ఆ సమయం ఇచ్చినట్టు కాదు. ఏప్రిల్ చివరిదాకా బండి ఉంది. క్యాలెండరు మీద గుర్తు పెట్టానంతే, పైకెళ్లలేదు.

మే 2న ఆ కుర్రాడు పరుపు చుట్ట, పుస్తకాల సంచీ బండి మీద కట్టుకుని వెళ్లాడు. వెళ్తూ నాకు నమస్కారం పెట్టాడు. తర్వాత రెండు ఆదివారాలు పగలు వచ్చి, చీకటి పడ్డాక వెళ్లిపోయాడు. దాన్ని నేను పట్టించుకోలేదు.

మే 8న ఇంకో చిన్న కాగితం రాశాను. ఇది ఆ లాయరమ్మాయి చెప్పలేదు, నాకే రాయాలనిపించింది. "18-4-2023 నాటి లేఖలో రాసిన 9, 11 షరతుల విషయం గడువు లోపల సరిదిద్దుకున్నారు. ఆ లేఖ మీద ఇప్పుడు ఎలాంటి చర్యా లేదు" అని మూడు కాపీలు రాసి, ఇద్దరికీ చెరొకటి ఇచ్చాను. ఈసారి చిన్నబ్బాయి నా కాపీ మీద అడక్కుండానే సంతకం చేశాడు.

జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం అతని నుంచే మెసేజ్ వచ్చింది. "ఆంటీ, మా తమ్ముడు ఇంజనీరింగ్ సీటు పనిమీద వస్తున్నాడు, గురు, శుక్రవారాలు రెండు రాత్రులు ఉండొచ్చా? బండి లేదు, బస్సులో వస్తాడు." గురువారం కుళాయి వచ్చే రోజే. ఉండమని జవాబు పెట్టి, సంపు నిండాక మోటారు వేశాను.